మాటిమాటికీ వచ్చే తలనొప్పి: ఎనిమిది వారాల డైరీతో కారణం పట్టుకునే పద్ధతి

తలనొప్పి గురించి నన్ను అందరూ ఎక్కువగా అడిగేది ఒక్కటే: "డాక్టరుగారూ, ఏం తినడం మానేయాలి?" ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను చూసినంతవరకు, ఫలానా పదార్థం తిన్నందుకు వచ్చే తలనొప్పి కన్నా వేళకు తినకపోవడం వల్ల వచ్చేదే ఎక్కువ. తక్కువ నిద్రపోయిన రోజే కాదు, ఎక్కువ నిద్రపోయిన రోజు కూడా వస్తుంది. మీ విషయంలో కారణం ఏదో మీరే తేల్చుకోవచ్చు. దానికి ఎనిమిది వారాలు, ఒక చిన్న నోటుబుక్కు చాలు. కాకపోతే పని వరుసగా చేయాలి. మొదటి మెట్టు మాత్రం ఎవరూ దాటేయకండి.

## 1. ముందు ఇది చూడండి: ఏ తలనొప్పికి ఆగకూడదు

డైరీ రాయడం, అలవాట్లు మార్చడం అన్నీ పాత తలనొప్పికే. అంటే నెలలుగా, ఏళ్లుగా ఒకే తీరులో వచ్చిపోయే నొప్పికి. కింద చెప్పిన వాటిలో ఒక్కటి ఉన్నా నోటుబుక్కు పక్కన పెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి. లేదంటే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి.

- నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా మొదలై, నిమిషంలోపే భరించలేనంత అయింది
- మూతి వంకర పోయింది, ఒక చెయ్యో కాలో పట్టు తప్పింది, మాట తడబడుతోంది, చూపు సగం పోయింది
- జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయింది, లేదా మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నాడు
- ఫిట్స్ వచ్చాయి
- తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతోంది, వాంతులవుతున్నాయి (రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు చిన్న దెబ్బైనా చూపించుకోవాలి)
- గర్భిణికి అయిదో నెల దాటాక, లేదా బాలింతకు, కొత్తగా గట్టి తలనొప్పి వచ్చింది
- కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, చూపు మసక, బల్బు చుట్టూ రంగుల వలయాలు

ఇందులో రెండింటి గురించి, పై జాబితాలో లేని ఇంకొకదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇళ్లలో ఎక్కువగా పొరబడేది వీటి దగ్గరే.

మొదటిది పిడుగులాంటి నొప్పి. మెదడు చుట్టూ రక్తస్రావం అయినప్పుడు ఇలాగే మొదలవుతుంది. గంటకో రెండు గంటలకో కాస్త తగ్గితే "పోయిందిలే" అని పడుకోబెట్టేస్తారు. తగ్గినా వెళ్లాల్సిందే. నొప్పి ఎంత గట్టిగా ఉందన్నదాని కంటే ఎంత వేగంగా పెరిగిందన్నది ముఖ్యం. మైగ్రేన్ కూడా భరించలేనంత అవుతుంది గానీ, అక్కడికి చేరడానికి సాధారణంగా అరగంటో గంటో పడుతుంది.

రెండోది బాలింత తలనొప్పి. మన ఇళ్లలో ఇంకా కొందరు బాలింతకు నీళ్లు తగ్గించి ఇస్తారు, "చల్ల చేస్తుంది, పొట్ట పెరుగుతుంది" అని. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే స్వభావం మామూలుగానే ఎక్కువగా ఉంటుంది. దానికి ఒంట్లో నీరు తగ్గడం తోడైతే మెదడు సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత ఫిట్స్: ఇది దాని దారి. కాన్పు తర్వాత బీపీ పెరిగి కూడా తలనొప్పి రావచ్చు. రెంటికీ ఆసుపత్రే. చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టడం వైద్యం కాదు. బాలింతకు దాహం వేసినప్పుడల్లా నీళ్లివ్వండి.

మూడోది గ్యాస్ గీజరు. తలుపు, కిటికీ మూసిన బాత్‌రూములో గ్యాస్ గీజరు వేసి స్నానం చేస్తున్నప్పుడు తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. దానికి వాసన ఉండదు. చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇంతే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే ముందు ఈ అనుమానం రావాలి. మనిషిని బయటి గాలిలోకి తీసుకురండి, తర్వాత 108కి ఫోన్ చేయండి.

పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఇంకో రెండు జాగ్రత్తలు. మనిషి చివరిగా మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు కాబట్టి డాక్టరు మొదట అడిగేది అదే. నోట్లో మాత్ర గానీ నీళ్లు గానీ పోయకండి. ఆస్పిరిన్ అసలే వద్దు. లోపల ఉన్నది గడ్డో, రక్తస్రావమో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది.

108 అక్కర్లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాల్సినవి:

- 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి. దువ్వెన తగిలితే కణత నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు
- వారాల తరబడి పెరుగుతూనే పోతున్న నొప్పి
- పడుకుంటే పెరిగేది, తెల్లవారుజామున వాంతితో లేపేది, దగ్గినా ముక్కినా పుట్టేది
- క్యాన్సర్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు కొత్తగా వచ్చింది
- పాత తలనొప్పే, కానీ దాని తీరు మారిపోయింది

ఇవేవీ లేవని తేలాకే రెండో మెట్టు.

## 2. మీది ఏ రకమో గుర్తుపట్టండి

పేరు తెలిస్తే వెతకాల్సిన చోటు తెలుస్తుంది. మూడు ప్రశ్నలు వేసుకోండి. నొప్పి వచ్చినప్పుడు నడిస్తే, మెట్లెక్కితే పెరుగుతుందా? వెలుతురు, చప్పుడు భరించలేకపోతున్నారా? వికారంగా ఉంటుందా?

వీటిలో రెండింటికి "అవును" అయితే అది చాలావరకు మైగ్రేనే. మన పెద్దవాళ్లు ఒంటి తలనొప్పి, పార్శ్వపు నొప్పి అనేది దీన్నే. పోట్లు పొడిచినట్టు, కణత దగ్గర దడదడమని కొట్టుకున్నట్టు ఉంటుంది. మాత్ర వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. పేరు ఒంటి తలనొప్పే అయినా రెండువైపులా రావచ్చు, అందువల్ల "నాకు రెండువైపులా వస్తుంది కదా, మైగ్రేన్ కాదు" అనుకోకండి. కొందరికి నొప్పికి ముందు ఓ పావుగంట, అరగంట పాటు కళ్ల ముందు మెరుపు గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి. ఇలాంటి గీతలు వచ్చే ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాళ్లకు పనికిరావు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

తలకు గుడ్డ బిగించి కట్టినట్టు రెండువైపులా ఒత్తిడి, పని చేసుకోగలిగినంత నొప్పి, వాంతి లేకపోవడం: ఇది టెన్షన్ తలనొప్పి. మెడ, భుజాలు బిగుసుకుని ఉంటాయి.

ఒకే కంటి చుట్టూ కత్తితో పొడిచినట్టు, ఆ కంటి వెంట నీరు, ఆ వైపు ముక్కు కారడం, కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరగడం, పావుగంట నుంచి మూడు గంటల్లో తగ్గి మర్నాడు అదే వేళకు మళ్లీ రావడం: ఇది క్లస్టర్ తలనొప్పి. అరుదు. అలవాట్ల మార్పుతో లొంగేది కాదు, నేరుగా న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు. "నాకు సైనస్" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఉండేది మైగ్రేనే. మైగ్రేన్‌లో కూడా నుదురు, బుగ్గలు నొప్పి పెడతాయి, ముక్కు కారుతుంది. చిక్కటి పసుపుపచ్చ చీమిడి, జ్వరం లేకుండా నెలకు నాలుగుసార్లు వచ్చిపోయేది సైనస్ కావడం కష్టం. బీపీ సంగతీ అంతే. 150, 160 ఉన్న బీపీ మామూలుగా తలనొప్పి తేదు, నొప్పి వల్లే ఆ కాసేపు బీపీ పెరిగి ఉండవచ్చు. 180/120 దాటి దానితో పాటు చూపు మసకబారినా, అయోమయంగా ఉన్నా, ఆయాసం వచ్చినా అది ఎమర్జెన్సీ. కళ్లద్దాలు మార్చినా తలనొప్పి పోలేదని బాధపడేవాళ్లూ ఉన్నారు. కంటి పరీక్ష మంచిదే, కానీ వాంతులతో వచ్చే నొప్పికి కారణం అద్దాల పవర్ కాదు.

## 3. డైరీ: ఏం రాయాలి, ఎంత రాయాలి

ఎక్కువ రాయాలనుకునేవాళ్లు పదిరోజులకే మానేస్తారు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల్లో పూర్తయ్యేలా పెట్టుకోండి. గోడ మీది క్యాలెండరు గడిలో రాసినా చాలు.

రోజూ రాయాల్సినవి:

- లేచిన టైము, ముందు రాత్రి పడుకున్న టైము
- మొదట తిన్న టైము, పూటలు తప్పితే ఏ పూట
- కాఫీ, టీ ఎన్ని, ఏ టైముకు
- నెలసరి మొదలైతే ఆ తేదీ

నొప్పి వచ్చిన రోజు అదనంగా:

- మొదలైన టైము, తగ్గిన టైము
- ఎంత గట్టిగా ఉంది: 1 అంటే పని ఆగలేదు, 2 అంటే కష్టంగా చేశాను, 3 అంటే పడుకోవాల్సి వచ్చింది
- ఏ మాత్ర, ఎన్ని, ఎన్ని గంటలకు, తగ్గిందా

ఒక రోజు ఇలా ఉంటుంది: "శని. ప.11.15, లే.5.30. తిండి రాత్రి 7కు. కాఫీ 5.45. నొప్పి 3.30 నుంచి 9 దాకా, 2. మాత్ర ఒకటి 5కు, సగం తగ్గింది."

నొప్పి లేని రోజు కూడా రాయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నొప్పి వచ్చిన రోజే రాస్తే, ఆ రోజు తిన్న వంకాయ కూరో, పెట్టుకున్న పూలో దోషిలా కనిపిస్తాయి. అదే వంకాయ తిన్నా నొప్పి రాని అయిదు రోజులు మీ పుస్తకంలో ఉండవు కదా. మొదటి నాలుగు వారాలు అలవాట్లేవీ మార్చకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. తర్వాతి నాలుగు వారాలు ఒక్కో మార్పు చేస్తూ రాయండి.

## 4. తిండిలో వెతకాల్సింది ఎక్కడ

వేళ. మొదట చూడాల్సింది ఇదే. నొప్పి మొదలైన టైము నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చివరిగా తిని ఎన్ని గంటలైంది? అయిదారు గంటలు దాటిన రోజుల్లోనే నొప్పి ఎక్కువగా వస్తుంటే దోషి దొరికినట్టే. పొద్దున్నే పిల్లలకు టిఫిన్, క్యారేజీలు కట్టి, తను పదకొండింటికి ఏదో తినే తల్లులను వారానికి ఎంతోమందిని చూస్తాను. లేచిన గంటన్నరలోపు ఏదో ఒకటి తినండి. పూటకూ పూటకూ మధ్య నాలుగైదు గంటలు మించనివ్వకండి. బ్యాగులో వేయించిన శనగలో, పల్లీలో, ఒక అరటిపండో ఉంచుకోండి.

ఉపవాసం మానమని నేను చెప్పను. ఎలా ఉంటారన్నది మార్చుకోవచ్చు. నీళ్లు, మజ్జిగ మానకండి. పాలు, పండ్లు పనికొచ్చే ఉపవాసమైతే మూడు నాలుగు గంటలకోసారి కొంచెం తీసుకోండి. రంజాన్ ఉపవాసాలుండేవాళ్లు సహరీ తినడం తప్పించకూడదు, కాఫీ టీలను నెల మొదలయ్యే ముందు వారం పదిరోజుల నుంచే తగ్గించుకుంటూ రావాలి. చక్కెర వ్యాధికి మందులు వాడేవాళ్లు మాత్రం ఉపవాసం ముందు డాక్టరును అడగకుండా ఉండకండి. వాళ్ల తలనొప్పి షుగరు పడిపోవడం కావచ్చు.

కాఫీ, టీ. రోజూ తాగేవాళ్లకు ఒకరోజు ఆలస్యమైనా, మానేసినా తలనొప్పి వస్తుంది. చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది. ఒక్క కప్పు తాగగానే అరగంటలో, గంటలో తగ్గిపోతే అది కాఫీ కోసం వచ్చిన నొప్పే. రెండు కప్పుల దాకా ఫర్వాలేదు, రోజూ ఒకే వేళకు తాగండి, రెండోది సాయంత్రం నాలుగు దాటనివ్వకండి. నాలుగైదు తాగుతుంటే ఒక్కరోజులో మానకండి. నాలుగు రోజులకో అర కప్పు చొప్పున తగ్గించండి. ఒక్కసారిగా మానితే వచ్చే తలనొప్పి వారం దాకా ఉండొచ్చు, అది చూసి "కాఫీ నాకు మందు" అనుకుని చాలామంది మళ్లీ మొదలుపెడతారు.

నీళ్లు, ఎండ. ఎండాకాలం మన ఊళ్లలో ఈ రెండూ కలిసే వస్తాయి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదు. ఇంతకంటే లెక్కలు అక్కర్లేదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలతే పాటించాలి.

ఫలానా పదార్థం. మద్యం, ముఖ్యంగా వైన్, చాలామందిలో మైగ్రేన్ తెస్తుంది. నిల్వ చీజ్, అజినోమోటో వేసిన నూడుల్స్ కొందరికి పడవు. చాక్లెట్ మీద ఉన్నంత చెడ్డపేరుకు అది తగినది కాకపోవచ్చు. మైగ్రేన్ రాబోయే ముందు, ఒకరోజు ముందునుంచే, కొందరికి ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీద కోరిక మొదలవుతాయి. అప్పుడు చాక్లెట్ తింటారు, మర్నాడు నొప్పి వస్తుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. నొప్పి అప్పటికే మొదలైంది, కోరిక దాని మొదటి గుర్తు.

ఏదైనా పదార్థం మీద అనుమానముంటే ఇలా పరీక్షించండి:

1. ఒక్కదాన్నే ఎంచుకోండి. నాలుగు వారాలు పూర్తిగా మానండి.
2. నొప్పి రోజులు ఎన్నో లెక్కపెట్టండి.
3. బాగా నిద్రపోయి, వేళకు తిన్న రోజు చూసి మళ్లీ తినండి. వేర్వేరు వారాల్లో ఇలా మూడు నాలుగుసార్లు చేయండి.
4. తిన్న 24 గంటల్లోపు, కనీసం సగంసార్లు నొప్పి వస్తేనే అది మీకు పడనట్టు. లేకపోతే హాయిగా తినండి.

పులుపు, పెరుగు, వంకాయ, గుడ్డు, నూనె అన్నీ ఒకేసారి మానేసి చప్పిడి కూడు తినేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఏది పడలేదో తెలియదు, ఆకలి పెరుగుతుంది, ఆ ఆకలికే తలనొప్పి వస్తుంది.

## 5. నిద్రలో మార్చాల్సింది లేచే టైము

పడుకునే టైము మన చేతిలో ఉండదు. లేచే టైము ఉంటుంది. అందుకే దాన్ని ముందు కట్టేయండి. వారమంతా అయిదున్నరకు లేచేవాళ్లు ఆదివారం ఆరున్నర దాటనివ్వకూడదు. ఆదివారం ఎనిమిదిన్నరకు లేస్తే నిద్ర ఒకటే మారదు, కాఫీ మూడు గంటలు ఆలస్యం, టిఫిన్ మూడు గంటలు ఆలస్యం. మూడు కారణాలు ఒకే పొద్దున కలుస్తాయి. సెలవురోజు తలనొప్పికి మూలం చాలామందిలో ఇదే.

వారంలో తగ్గిన నిద్రను పూడ్చుకోవాలంటే శనివారం రాత్రి గంట ముందు పడుకోండి. మధ్యాహ్నం కునుకు అరగంటకు మించితే లేచాక తల బరువెక్కుతుంది, రాత్రి నిద్ర పట్టదు.

రాత్రి షిఫ్టులవాళ్లకు నియమం వేరు. హైదరాబాదులో విదేశీ టైముకు పనిచేసేవాళ్లు సెలవురోజు పూర్తిగా పగటి మనిషిగా మారిపోతారు, సోమవారం మళ్లీ రాత్రి మనిషి. వాళ్లు సెలవులో కూడా నిద్రలో ఒక మూడు నాలుగు గంటలు డ్యూటీ రోజుల నిద్రతో కలిసేలా చూసుకోవాలి. డ్యూటీ రోజు పొద్దున 6 నుంచి 1 దాకా పడుకునేవాళ్లు, సెలవురోజు 3 నుంచి 10 దాకా పడుకుంటే ఆ నాలుగు గంటలు కలుస్తాయి. షిఫ్టు మధ్యలో అన్నం వేళ కూడా రోజూ ఒకటే ఉండాలి.

రోజూ లేవగానే తల బరువు, గట్టి గురక, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు పక్కవాళ్లు చెప్పడం, పగలు కూర్చున్నచోటే తూగడం ఉంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. దానికి నిద్ర పరీక్ష చేయించాలి. దిండు మార్చడం వల్ల పోదు. లేవగానే దవడ పట్టేసినట్టుంటే నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో దంతవైద్యుడికి చూపించండి.

## 6. మాత్రలు: గోళీలు కాదు, రోజులు లెక్కపెట్టండి

మాత్ర వేసుకోవడం తప్పు కాదు. రెండు తప్పులు జరుగుతాయి: ఒక్కో నొప్పికి ఆలస్యంగా వేసుకోవడం, నెల మొత్తంలో ఎక్కువ రోజులు వేసుకోవడం.

మైగ్రేన్ అని తెలిస్తే మొదటి అరగంట, గంటలోనే వేసుకోండి. ఆలస్యమైతే కడుపు కదలిక మందగించి మాత్ర ఒంటికి పట్టదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పారాసిటమాల్ ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగాలి. రోజు మొత్తం మీద 3000 దాటకపోవడం మంచిది. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు, బాగా సన్నగా ఉన్నవాళ్లు తమ మోతాదు డాక్టరును అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట వెనక చదవండి, లేకపోతే తెలియకుండా రెట్టింపు అవుతుంది. ఐబుప్రొఫెన్ 400 తిన్న తర్వాతే. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు అది వద్దు. తలనొప్పితో జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రెండూ వద్దు. 16 ఏళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ ఇవ్వకండి.

ఇప్పుడు రోజుల లెక్క. మామూలు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, లేదా కెఫీన్, కొడీన్ లాంటివి కలిపిన మాత్రలు, మైగ్రేన్ కోసమే డాక్టరు రాసే ట్రిప్టాన్ రకం మాత్రలు నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మాత్రలే తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి. అప్పుడు నొప్పి నెలలో సగం రోజులు దాటుతుంది. పొద్దున్నే మొదలవుతుంది, మాత్ర వేస్తే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ. మెడికల్ షాపులో "తలనొప్పి మాత్ర" అంటే ఇచ్చేది ఇలా కలిపిన రకమే కావచ్చు. వారానికి రెండు రోజులు మించకపోతే ఈ ఉచ్చులో పడరు.

పడిపోయినవాళ్లు బయటపడాలంటే ఆ మాత్ర ఆపాలి. ఆపాక రెండు నుంచి పది రోజులు నొప్పి పెరుగుతుంది, వాంతులు, నిద్రలేమి ఉంటాయి. ఇది ముందే తెలియకపోతే మూడోరోజే వదిలేస్తారు. అందుకని పరీక్షలు, పెళ్లిళ్లు లేని వారం చూసుకోండి, డాక్టరు సాయం తీసుకోండి. కొడీన్, ట్రామడాల్, నిద్రమాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

## 7. ఒక డైరీని కలిసి చదువుదాం

నా దగ్గరకు వచ్చిన ఒకావిడ, వయసు 34, ప్రైవేటు స్కూలు టీచరు. "తలస్నానం పడదండీ, ఆదివారం తలంటుకుంటే చాలు, తల పగిలిపోతుంది" అన్నది. మూడేళ్లుగా వేసవిలో కూడా జుట్టు తడపడానికి భయపడేది. అపాయ లక్షణాలేవీ లేవు. నొప్పి వస్తే వెలుతురు చూడలేదు, మెట్లెక్కలేదు, వికారం. మైగ్రేన్ అని తేలింది.

మొదటి నాలుగు వారాల డైరీలో 11 నొప్పి రోజులున్నాయి. నాలుగు శనివారాలూ నొప్పే, సాయంత్రం మూడు, నాలుగింటికి మొదలు. ఆదివారాలు మూడు, పొద్దున తొమ్మిది ప్రాంతంలో. నెలసరికి ముందు రెండు రోజులు. మిగతా రెండింట్లో ఒకటి పేపర్లు దిద్దుతూ రాత్రి ఒంటిగంట దాకా మేల్కొన్న మర్నాడు. ఇంకోదానికి కారణం దొరకలేదు, అలాంటివి ఒకటో రెండో ఉంటాయి.

శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దున కాఫీ తాగి, మళ్లీ రాత్రి ఏడింటికే టిఫిన్. ఆదివారం ఎనిమిదిన్నరకు లేవడం, తలస్నానం, పూజ, ఆ తర్వాత తొమ్మిదిన్నరకు కాఫీ. మామూలు రోజుల్లో కాఫీ 5.45కు. ఇక్కడ తలస్నానం మీద అనుమానం ఎలా వచ్చిందో అర్థమవుతుంది: నొప్పి మొదలయ్యే వేళకు తల తడిగా ఉంది, అంతే. పైగా నొప్పి వచ్చిన 11 రోజులూ కెఫీన్ కలిసిన మాత్ర వేసుకుంది. 10 రోజుల గీత దాటేసింది.

అయిదో వారంలో ఆదివారం ఒక్కటే మార్చాం. ఆరున్నరకు లేవాలి, ఏడింటిలోపు కాఫీ, రెండు బిస్కెట్లు. తలస్నానం మాత్రం ఎప్పటిలాగే చేయాలి. ఆమె భయపడింది గానీ చేసింది. నాలుగు ఆదివారాల్లో ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. తలస్నానం నిర్దోషి అని ఆమె పుస్తకమే చెప్పింది. ఆరో వారం నుంచి శనివారం ఒక్కపొద్దులో మార్పు: ఉదయం 8కి పాలు, అరటిపండు, 12కి మజ్జిగ, పండు, 4కు మళ్లీ పాలు. అయిదో వారం పాత పద్ధతిలో ఉన్న శనివారం నొప్పి వచ్చింది, తర్వాత మూడు శనివారాలూ రాలేదు.

రెండో నాలుగు వారాల లెక్క: నొప్పి రోజులు 5. శనివారం ఒకటి, నెలసరి దగ్గర రెండు, మిగతావి రెండు. కెఫీన్ మాత్ర మాన్పించి ఉత్త పారాసిటమాల్ ఇచ్చాను, నొప్పి మొదలవగానే వేసుకోవాలని చెప్పాను. నాలుగు రోజులే అవసరమైంది. నెలసరి నొప్పి మాత్రం అలవాట్లకు లొంగలేదు. దానికి ఆ తేదీలను బట్టి వేరే మందు ఆలోచించాల్సి వచ్చింది.

ఒకటి చెప్పాలి. ప్రతి ఒక్కరి తలనొప్పీ ఇంత శుభ్రంగా విడిపోదు. కొందరికి ఆకలి ఒక్కటే అయితే రాదు, ఆకలి, నిద్రలేమి రెండూ కలిసిన రోజే వస్తుంది. మీ డైరీలో ఏ ఒక్కటీ తేలకపోతే, రెండేసి కారణాలు కలిసిన రోజులను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి మళ్లీ చూడండి.

## 8. డైరీ పట్టుకుని డాక్టరు దగ్గరకు ఎప్పుడు

ఎనిమిది వారాల తర్వాత కూడా ఇవి ఉంటే వెళ్లండి:

- నెలకు నాలుగు రోజులు, అంతకు మించి నొప్పి
- నొప్పి వచ్చిన రోజు పని, స్కూలు మానాల్సి వస్తోంది
- మాత్రలు వారానికి రెండు రోజులు దాటుతున్నాయి
- పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ సరిపడా మోతాదులో, వేళకు వేసుకున్నా తగ్గడం లేదు

వెంట తీసుకెళ్లాల్సినవి: డైరీ, వాడుతున్న అన్ని మాత్రల అట్టలు (ఆయుర్వేదం, హోమియో కూడా), ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి తలనొప్పి ఉందా అన్న సంగతి. మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది. ఉబ్బసం ఉంటే తప్పక చెప్పండి, మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. గర్భం కోసం చూస్తున్నా చెప్పండి, టోపిరమేట్ లాంటివి అప్పుడు వాడకూడదు.

మీ తలనొప్పి ఏళ్లుగా ఒకే తీరులో ఉండి, పరీక్షలో నరాలన్నీ మామూలుగా ఉంటే డాక్టరు స్కాన్ అక్కర్లేదనవచ్చు. అది నిర్లక్ష్యం కాదు. మైగ్రేన్ స్కాన్‌లో కనిపించదు.

నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు రాస్తే, అది పనిచేస్తుందో లేదో తేలడానికి సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదిరోజులకే "గుణం లేదు" అని మానేసి ఇంకో డాక్టరు దగ్గరకు వెళితే, అక్కడా మళ్లీ మొదటినుంచే. ఆ వారాల్లోనూ డైరీ రాస్తూ ఉండండి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. తగ్గకపోతే ఆ పేజీలు చూసే డాక్టరు మోతాదో, మందో మారుస్తారు.

పిల్లల సంగతి ఒక్క మాట. అయిదేళ్లలోపు పిల్లలు తలనొప్పి అంటే సొంత వైద్యం చేయకుండా చూపించండి. కాస్త పెద్ద పిల్లల్లో మైగ్రేన్ రెండు గంటల్లోనే తగ్గిపోవచ్చు, ఎక్కువగా నుదురంతా నొప్పి పెడుతుంది, వాంతి చేసుకుని నిద్రపోయి లేచాక ఆడుకుంటారు. అది చూసి స్కూలు ఎగ్గొట్టడానికి అబద్ధం చెప్పారని తిట్టకండి. వాళ్ల డైరీ మీరు రాయండి, మొదటి గడిలో పొద్దున టిఫిన్ తిన్నారో లేదో రాయండి.